రెండు నిమిషాల క్యూ కార్డ్: మాటలు 40 సెకన్లకే ఎందుకు అయిపోతాయి?

నెల్లూరులో ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్ చెబుతుంటాను. కావలి నుంచో ఆత్మకూరు నుంచో వచ్చే పిల్లలు, కార్డు మీద ఇచ్చిన విషయం గురించి రెండు నిమిషాల దాకా మాట్లాడాల్సిన రెండో పార్ట్ అనగానే "సార్, నాకు ఐడియాలు రావు" అంటారు. ఐడియాలు ఉంటాయి, వాటిని పెట్టే వరసే ఉండదు.

అపోహ: కార్డు మీది ప్రశ్నలకు జవాబులు చెప్పుకుంటూ పోతే టైమ్ నిండుతుంది.

నిండదు. మొన్న ఒకమ్మాయికి పండగ గురించి చెప్పమని కార్డు ఇచ్చాను. రొట్టెల పండగ ఎంచుకుంది. బారాషహీద్ దర్గా, స్వర్ణాల చెరువు, మొహర్రం నెల, బోలెడంత జనం, నాకు చాలా ఇష్టం... అక్కడ ఆగిపోయింది, టైమర్ చూస్తే 38 సెకన్లు. ఎప్పుడు, ఎక్కడ అన్నదానికి ఒక్క వాక్యం చాలు మరి, ఇంకేం మిగులుతుంది?

రెండోసారి కాగితాన్ని నాలుగు గళ్లు చేయమన్నాను: ముందు, ఆ రోజు, ఒక్క దృశ్యం, ఇప్పుడు. ప్రిపరేషన్‌కి ఇచ్చేది ఒక్క నిమిషమే కాబట్టి వాక్యాలు రాయొద్దు, గడికి రెండు మాటలు చాలు, ఆ కాగితానికి మార్కులు లేవు. "ముందు"లో, అమ్మమ్మ చెబితే వినడమే తప్ప తను అప్పటిదాకా వెళ్లలేదని చెప్పింది. "ఆ రోజు"లో ఇంటర్ రిజల్ట్స్ టెన్షన్, తెల్లారకముందే బయల్దేరడం. దృశ్యం దగ్గర మాత్రం నిలబడమన్నాను, అక్కడే 40 సెకన్లు పోవాలి: మోకాళ్ల లోతు నీళ్లలో "చదువు రొట్టె" అని అరిచేవాళ్ల కోసం వెతకడం, ఒక పెద్దాయన తడిచేతుల్తో రొట్టె తుంచి ఇవ్వడం, చున్నీ అంచు తడిసి బరువెక్కడం. "ఇప్పుడు"లో, కోరిక తీరాక మరుసటేడు తను రొట్టె పంచడం, వచ్చే ఏడు తమ్ముణ్ణి తీసుకెళ్లాలనుకోవడం. ఈసారి నేనే ఆపాల్సి వచ్చింది.

ఇంకో లాభం కూడా ఉంది. గడి మారిన ప్రతిసారీ కాలం మారుతుంది కాబట్టి భూతకాలం, వర్తమానం, భవిష్యత్తు వాటంతటవే వస్తాయి. స్పీకింగ్ మార్కుల్లో నాలుగో వంతు వ్యాకరణానిదే.

చెప్పిన మాటే మళ్లీ చెబుతున్నారంటే గడి ఖాళీ అయినట్టు. అప్పుడు "అది జరక్కపోయి ఉంటే" అని మొదలుపెట్టండి, ఇంకో మూడు వాక్యాలు దొరుకుతాయి.

అపోహ: జరిగిందే చెప్పాలి.

నిజమా కాదా అని ఎవరూ చూడరు, చూసేది మీ ఇంగ్లిష్‌నే. అయితే బట్టీ పట్టిన కథ జోలికి పోవద్దు, అది వినగానే తెలిసిపోతుంది, పైగా కార్డు కొంచెం మారినా అతకదు.

అపోహ: ఎగ్జామినర్ మధ్యలో ఆపితే మార్కులు పోయినట్టే.

రెండు నిమిషాలవగానే ఆపడం వాళ్ల పని. సగం వాక్యంలో ఆపినా కంగారు పడకండి, ఆపేదాకా మీరు మాత్రం ఆగకండి.