పల్లవి నుంచి కృతికి: నెరవల్, కల్పనస్వరాల నేపథ్యం

ఇప్పటి కచేరీలో ప్రధాన కృతి వచ్చిందంటే వరస దాదాపు ఖాయం. ఆలాపన, కృతి, చరణంలో ఒక పంక్తి మాటలు ఉంచి స్వరసంచారం మారుస్తూ సాగే నెరవల్, ఆ పంక్తి మీదే అప్పటికప్పుడు అల్లే స్వరాలు, చివర లెక్క కట్టిన ముగింపు కోర్వై, ఆ వెంటనే లయవాద్యాలు విడిగా వాయించే తనియావర్తనం. త్యాగయ్య కాలం నుంచీ కృతిని ఇలాగే పాడుతున్నారని చాలామంది అనుకుంటారు. నిజానికి నెరవల్, స్వరకల్పన రెండూ పెరిగింది పల్లవిలో. కృతిలోకి అవి ఈ విస్తృతిలో వచ్చి వందేళ్ళకు అటూ ఇటూ. ఈ మార్పు వల్ల వచ్చిన చిక్కులు కొన్ని ఇప్పటికీ తీరలేదు.

మూలం మాత్రం చాలా పాతది. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో ఆలప్తిని రెండుగా విడదీశాడు. తాళం, సాహిత్యం లేకుండా సాగేది రాగాలప్తి. ఒక రచనను పట్టుకుని, దాని తాళంలోనే సాగేది రూపకాలప్తి. ఈ రెండోదానిలో భంజని అనే పద్ధతి ఉంది. రచనలోని మాటలు, కొలత మారకుండా స్వరసంచారాన్ని మాత్రం కొత్త కొత్తగా మార్చడమే భంజని. ఇవాళ్టి నెరవల్‌ను వర్ణించమన్నా ఇంతకన్నా సూటిగా చెప్పలేం. రెండో పద్ధతి ప్రతిగ్రహణిక. అందులో కాసేపు ఆలప్తి చేసి మళ్ళీ రచనలోని భాగాన్ని అందుకుంటారు. స్వరం పాడి పంక్తి అందుకునే ఇప్పటి అలవాటుకు ఇది దగ్గర. పేర్లు మారాయి, మధ్యలో ఎన్నో రూపాలు వచ్చిపోయాయి. అయినా తాళానికి కట్టుబడి మాటను విస్తరించడమనే ఆలోచన అప్పటికే ఉంది.

19వ శతాబ్దం వరకు విద్వాంసుడి సత్తా తేలేది పల్లవిలోనే. పల్లవి గోపాలయ్య, పల్లవి శేషయ్య వంటి పేర్లే అందుకు సాక్ష్యం. ఆ రోజుల్లో కచేరీ గంటల తరబడి సాగేది. అందులో సింహభాగం రాగం, తానం, పల్లవిదే. పల్లవి అంటే ఒకే ఒక్క పంక్తి. దాన్ని విస్తరించడానికే కడతారు, అసలు కిటుకు అక్కడే ఉంది. పూర్వాంగం, ఉత్తరాంగం అని రెండు ముక్కలు, వాటి నడుమ అరుది. రెండు కళల ఆది తాళంలో అరుది సాధారణంగా అయిదో అక్షరం మీద, అంటే మొదటి ద్రుతం దెబ్బ మీద పడుతుంది. అరుది దగ్గర మాట కాసేపు నిలుస్తుంది. ఆ నిలిచిన చోటే గాయకుడికి ఊపిరి తీసుకునే వీలు, సంచారం పెంచుకునే వీలు కూడా. మాటలు తక్కువ, అచ్చులు దీర్ఘాలు, అర్థం ఆ ఒక్క పంక్తిలోనే పూర్తి. అందుకే పల్లవిలో నెరవల్ చేస్తే మాట నలగదు.

కృతి అలా కట్టింది కాదు. వాగ్గేయకారుడు చెప్పదలచుకున్నది చెప్పి, ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే సంగతులతో దానికి కావలసిన విస్తారం తానే ఇచ్చాడు. ఒక విధంగా సంగతులు కూడా నెరవల్ వంటివే, కాకపోతే అవి స్థిరపడిపోయాయి. చిట్టస్వరాలూ అంతే, ముందే రాసిపెట్టుకున్న స్వరకల్పన. అంత చేసి ముగించిన రచనలో గాయకుడు కొత్తగా చోటు వెతుక్కోవాలి.

20వ శతాబ్దం తొలి సగంలో ఈ వెతుకులాట మామూలైంది. ఇది ఒక్కరి పని కాదు గానీ రెండు పేర్లు తప్పకుండా చెప్పాలి. అరియక్కుడి రామానుజయ్యంగార్ (1890–1967) వర్ణంతో మొదలుపెట్టి, మధ్యమకాలంలో కృతులు వరుసగా పాడుతూ, వాటికి పొదుపుగా నెరవల్, స్వరాలు జోడించి, పల్లవిని కూడా అదుపులో పెట్టి, చివర చిన్న పాటలతో ముగించే పద్ధతిని స్థిరపరిచాడు. కాంచీపురం నాయనా పిళ్ళై దారి వేరు. ఘటం, కంజీరా, నోటితో జతులు చెప్పే కొన్నక్కోల్‌తో సహా నిండు పక్కవాద్యాల మధ్య కూర్చుని, లెక్కల స్వరాలతో లయవిద్వాంసులతో తలపడేవాడు. ఇవాళ్టి కచేరీకి ఆకారం మొదటాయనది. స్వరాల చివర వినిపించే గణితానికి మూలాలు మాత్రం రెండో దారిలో ఉన్నాయి.

పరిస్థితులు కూడా ఇదే వైపు నెట్టాయి. 78 ఆర్‌పీఎం రికార్డులో ఒక్కో వైపు మూడు, మూడున్నర నిమిషాలే. అందులో కృతి పాడి నాలుగు ఆవర్తాలు, అంటే తాళం నాలుగు చుట్లు, స్వరం వేస్తే అదే ఎక్కువ. తరవాత 1938లో మద్రాసులో, 1948లో విజయవాడలో ఆకాశవాణి కేంద్రాలు వచ్చాక గంట, అరగంట ప్రసారాలు అలవాటయ్యాయి. ఆ కొలతలో పల్లవి పట్టడం కష్టం. నెరవల్, స్వరంతో ఒక కృతి మాత్రం చక్కగా పడుతుంది.

పంక్తిని ఎంచుకోవడం దగ్గరే మొదటి చిక్కు. మంచి ఉదాహరణ త్యాగరాజస్వామి ‘నిధి చాల సుఖమా’. కల్యాణి రాగం, మిశ్రచాపు తాళం. నెరవల్ సాధారణంగా ‘మమత బంధనయుత నరస్తుతి సుఖమా’ దగ్గర చేస్తారు. ఈ పంక్తి ప్రశ్నగా తనకు తానే పూర్తి. ‘మమత’ ఎక్కడ మొదలైందో ప్రతి ఆవర్తంలోనూ అక్కడే మొదలవ్వాలి, మిగతా మాటలు కూడా మూలంలో పడిన చోట్లకు దగ్గర్లోనే పడాలి. ఆ మాటల నడుమ ఉన్న ఖాళీయే గాయకుడి సొంతం. తప్పేది కూడా అక్కడే. దీర్ఘం ఎక్కడ సాగదీయాలో తెలియక ‘బంధ’ దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని ‘నయుత’ అని ఎత్తుకుంటే తెలుగు వచ్చిన శ్రోతకు అది మాట కాదు, శబ్దం. ‘బంధన’ తరవాత ఆగినా, ‘యుత’ తరవాత ఆగినా మాట బతుకుతుంది. సాహిత్యం కంఠస్థం వచ్చి పదవిభాగం రాకపోతే జరిగేది ఇదే.

ఇంకో రకం పంక్తి కాంభోజిలో ‘ఓ రంగశాయి’ది. నెరవల్ పాడేది ‘భూలోక వైకుంఠ మిదియని’ అన్న చోట. ఆ ‘అని’ దగ్గర వాక్యం ఆగదు, ‘నీలోన నీవే యుప్పొంగి’ అన్న తరవాతి ముక్క కోసం చూస్తుంది. వ్యాకరణం ప్రకారం సగం వాక్యమే. అయినా ఇది నిలిచిందంటే రెండు కారణాలు. ఆ ముక్కలో శ్రీరంగమే కళ్ళముందు నిలుస్తుంది. ‘భూ’, ‘లో’, ‘వై’ అన్న దీర్ఘాలు కాంభోజికి కావలసినంత చోటు ఇస్తాయి. చివరికి వచ్చేసరికి తరవాతి ముక్క కూడా కలిపి పాడితే బాగుంటుంది. చాలామంది ఆ పని చేయరు.

నెరవల్ ముందు నిదానంగా, తరవాత అదే తాళంలో మాటల నడక రెట్టించి మధ్యమకాలంలో సాగుతుంది. గాయకుడు ఒక ఆవర్తం పాడితే వయొలిన్ ఒక ఆవర్తం వాయిస్తుంది. ఆ తరవాత స్వరాలు. ఒక కళ ఆది తాళంలో ఎనిమిది అక్షరాలు. మొదటి కాలంలో అక్షరానికి రెండు స్వరాల చొప్పున ఆవర్తానికి 16, రెండో కాలంలో నాలుగు చొప్పున 32. మొదట కొద్ది స్వరాలు పాడి పంక్తి అందుకుంటూ, తరవాత అరావర్తం, ఆవర్తం అని పెంచుతారు. చివర్లో కురైప్పు. ఒక స్వరాన్ని న్యాసంగా పట్టుకుని రెండు ఆవర్తాలు, ఒకటి, అర, పావు అని తగ్గించుకుంటూ వయొలిన్‌తో మాటకు మాట అన్నట్టు సాగి, కోర్వైతో ముగిస్తారు.

కోర్వై లెక్క ఒకటి విప్పి చూద్దాం. మోహనం, ఆది తాళం, రెండో కాలం. పంక్తి సమంలో, అంటే ఆవర్తం మొదటి దెబ్బ దగ్గరే, గాంధారం మీద మొదలవుతుందనుకుందాం. ఆవర్తానికి 32 మాత్రలు. కామా ఉన్న చోట ఒక మాత్ర విరామం, అంటే కార్వై.

గ ప ద స ద ప – ప ద స ద ప – ద స ద ప
స ద ప గ రి , – స ద ప గ రి , – స ద ప గ రి

పై వరసలో 6, 5, 4, మొత్తం 15. ముందు నుంచి ఒక్కో స్వరం రాలిపోతూ తోక మాత్రం అలాగే ఉంటుంది. కింది వరసలో అయిదు స్వరాల ముక్క మూడుసార్లు, నడుమ రెండు కార్వైలు, మొత్తం 17. రెండూ కలిపితే 32. చివరి రిషభం మీద నుంచి సూటిగా పంక్తి మొదటి గాంధారంలోకి దిగుతాం. లెక్క సరిపోవడమే కాదు, దిగడం కూడా నున్నగా ఉండాలి.

ఇప్పుడు పంక్తి సమంలో కాకుండా ఒకటిన్నర అక్షరం తరవాత, అంటే ఆరు మాత్రలు జరిగాక మొదలవుతుందనుకోండి. సమం నుంచి ఎత్తుకుంటే 38 మాత్రలు కావాలి. రెండు కార్వైలనూ నాలుగేసి మాత్రలు చేస్తే కింది వరస 23 అవుతుంది, 15తో కలిపి 38. లేదా కార్వైలు ముట్టుకోకుండా పై వరసను 8, 7, 6 చేస్తే 21, 17తో కలిపి మళ్ళీ 38. లెక్క రాని చేతికి తేలిక దారి ఒకటుంది, కోర్వైని పంక్తి ఎత్తుగడ చోటనే మొదలుపెట్టడం. ఎత్తుగడ నుంచి ఎత్తుగడకు ఎప్పుడూ 32 మాత్రలే కాబట్టి మొదటి కోర్వై ఉన్నదున్నట్టు సరిపోతుంది. పొరపాటు ఎక్కువగా కార్వైలోనే జరుగుతుంది. ఊపులో రెండో కార్వై మింగేస్తే కోర్వై ఒక మాత్ర ముందే అయిపోతుంది. అప్పుడు గాయకుడు పంక్తి మొదటి అక్షరాన్ని సాగదీసి కప్పిపుచ్చుతాడు. మృదంగం ముక్తాయింపు మాత్రం తన చోటనే పడుతుంది. రెండు దెబ్బలు వేరువేరుగా వినిపిస్తే జరిగింది ఇదే.

ఈ పద్ధతి మోహనంలో ఎందుకు నప్పిందో గమనించాలి. అక్కడ స్వరాలు వరుసలోనే నడుస్తాయి, ఎక్కడ తెంపినా మిగిలేది మోహనమే. రీతిగౌళలో ఇదే చేసి చూడండి. ‘స గ రి గ మ’ రాగం, ముందు నుంచి ఒకటి తీస్తే ‘గ రి గ మ’, ఇదీ రాగమే. ఇంకొకటి తీస్తే మిగిలేది ‘రి గ మ’. ముందున్న గాంధారం లేకుండా విడిగా ఎత్తుకుంటే అది సూటిగా ఎక్కే ఆరోహణలా వినిపిస్తుంది, రీతిగౌళ ముఖం మాయమవుతుంది. శహనలోనైతే రెండో కాలమే ఇబ్బంది, అక్షరానికి నాలుగు స్వరాలు పడితే గాంధారానికి కావలసిన గమకానికి వ్యవధి ఉండదు. అందుకే పెద్దలు ఇలాంటి రాగాల్లో మొదటి కాలం స్వరాలతో ఆపేసేవారు, లేదా స్వరమే వేయకుండా నెరవల్‌తో సరిపెట్టేవారు.

లెక్కకు మారుగా నిలిచింది సర్వలఘు. తాళం సహజ నడకలోనే స్వరాలు ప్రవహించాలి, ముగింపు కూడా విడిగా లెక్క కట్టినట్టు తెలియకూడదు. మదురై మణి అయ్యర్ (1912–1968) స్వరాలు ఈ పద్ధతికి కొలమానం. వినడానికి తేలికగా ఉంటుంది, పాడటమే కష్టం. కోర్వై ఇంట్లో కట్టుకుని రావచ్చు, సర్వలఘుకు అప్పటికప్పుడు రాగం తోచాలి. ఇప్పుడు రెండు, రెండున్నర గంటల కచేరీలో నెరవల్ ఒక కృతికే దక్కుతోంది, స్వరాలు మూడు నాలుగింటికి వేస్తున్నారు. సమయం చాలనప్పుడు ముందు కోతపడేది నెరవలే. తనియావర్తనానికి దారి తీయాలి కాబట్టి కోర్వై మాత్రం ఎంత కురచ కచేరీలోనైనా ఉంటుంది.