యాప్ ఐకాన్ ప్రాంప్టులు: అంచు, ఆకారం, చిన్న సైజు గురించిన అపోహలు - వాస్తవాలు

బొమ్మలు గీసే ఏఐ సాధనాలతో యాప్ ఐకాన్ ఆలోచనలు తయారుచేసేవారు మా నల్లగొండ వైపు కూడా పెరిగారు. ఆ ఐకాన్‌లలో చాలావరకు కంప్యూటర్ తెరపై అందంగా ఉండి, ఫోన్‌లోకి రాగానే తేలిపోతున్నాయి. లోపం ఎక్కువగా ప్రాంప్ట్‌లోనే ఉంటుంది. బత్తాయి రైతులకు ఏ రోజు ధర ఆ రోజు తెలిపే ఒక ఆండ్రాయిడ్ యాప్‌ను ఉదాహరణగా తీసుకుని, నేను తరచుగా వినే అపోహలను ఇక్కడ పరిశీలిస్తాను.

అపోహ: ప్రాంప్ట్‌లో "యాప్ ఐకాన్" అని రాస్తే సాధనం మిగతాదంతా చూసుకుంటుంది.

వాస్తవం: ఆ మాట రాయగానే సాధనం చాలాసార్లు ఐకాన్‌ను కాకుండా ఐకాన్ ఫొటో లాంటి దాన్ని గీస్తుంది. తెల్లటి నేల మీద గుండ్రటి మూలల చతురస్రం, దాని కింద నీడ, లోపల పండు ఉంటాయి. ఆండ్రాయిడ్ 8 నుంచి ఐకాన్ బయటి ఆకారాన్ని ఫోనే కత్తిరిస్తుంది. ఒక ఫోన్‌లో వృత్తంగా, మరొక ఫోన్‌లో గుండ్రటి మూలల చతురస్రంగా కనిపించేది అందుకే. మనం ముందే మూలలు గీసి ఇస్తే ఫోన్ కత్తిరింపు లోపల మన మూలలు విడిగా కనబడి, వాటి పక్కన తెల్లటి సందులు మిగులుతాయి. ప్లే స్టోర్‌కు ఇచ్చే 512 పిక్సెళ్ల బొమ్మకైనా, ఆపిల్‌కు ఇచ్చే 1024 పిక్సెళ్ల బొమ్మకైనా ఇదే వర్తిస్తుంది. పూర్తి చతురస్రాన్ని ఇస్తే మూలలను వాళ్లే గుండ్రం చేస్తారు. కాబట్టి ప్రాంప్ట్‌లో "చిహ్నం" అని అడిగి, వెనుక రంగు నాలుగు అంచుల దాకా నిండాలని స్పష్టంగా రాయడం మేలు.

అపోహ: సేఫ్ జోన్ కొలతలను ప్రాంప్ట్‌లో అంకెల్లో రాస్తే సాధనం వాటిని పాటిస్తుంది.

వాస్తవం: బొమ్మలు గీసే సాధనం చేతిలో స్కేలు ఉండదు. "చుట్టూ 18 డీపీ వదులు" అన్న మాట దానికి దాదాపు ఏమీ చెప్పదు; డీపీ అంటే ఆండ్రాయిడ్‌లో తెరపై సైజును కొలిచే ప్రమాణం. "చిహ్నం మధ్యలో, వెడల్పులో సగం మేర" అంటే మాత్రం సుమారుగానైనా అందుకుంటుంది. అసలు కొలత మనమే వేసుకోవాలి. ఆండ్రాయిడ్‌లో ఐకాన్‌కు చిహ్నం ఉండే ముందు లేయర్, రంగు ఉండే వెనుక లేయర్ ఉంటాయి; రెండూ 108 డీపీల చతురస్రాలు. వాటిలో కంటికి కనబడేది మధ్యనున్న 72 డీపీలే. మిగిలిన అంచు, ఫోన్ ఐకాన్‌ను కత్తిరించడానికీ, వేలితో కదిపినప్పుడు లేయర్లు కొద్దిగా జరగడానికీ పోతుంది. ఏ కత్తిరింపులోనూ తెగదని నమ్మదగిన చోటు, అంటే సేఫ్ జోన్, 66 డీపీల వ్యాసమున్న వృత్తం మాత్రమే.

ఇదే లెక్కను సాధనం నుంచి వచ్చిన 1024 పిక్సెళ్ల బొమ్మకు వేస్తే, కనబడే భాగం మధ్యలోని 683 పిక్సెళ్లు, సేఫ్ జోన్ 626 పిక్సెళ్ల వృత్తం అవుతాయి. చాలామంది ఇక్కడే పొరబడతారు. 626 పిక్సెళ్ల చతురస్రం ఆ వృత్తంలో పట్టదు. దాని మూలలు బయటికి పోతాయి. పెట్టె, పుస్తకం వంటి చతురస్రపు ఆకారాలు తీసుకుంటే భుజం 442 పిక్సెళ్లకు మించకూడదు. బత్తాయి గుండ్రంగా ఉండటం మనకు ఇక్కడ కలిసొచ్చే విషయం. పండు వ్యాసం 512 పిక్సెళ్లు ఉంటే, పైన ఆకుకు ఇంకా 57 పిక్సెళ్ల చోటు ఉంటుంది. ఆకు అంతకంటే పొడవుగా వస్తే, వృత్తంగా కత్తిరించే ఫోన్‌లో దాని కొన తెగే ప్రమాదం ఉంది.

అపోహ: యాప్ చేసే పనులన్నీ ఐకాన్‌లో కనబడాలి.

వాస్తవం: బత్తాయి ధరల యాప్ అనగానే చెట్టు, బుట్ట, రైతు, రూపాయి గుర్తు, పైకి లేచే బాణం, కింద "బత్తాయి" అన్న అక్షరాలు ప్రాంప్ట్‌లోకి వచ్చేస్తాయి. సాధనం వాటన్నిటినీ గీసి పెడుతుంది కూడా. కానీ వేలి గోరంత చోటులో ఆరు వస్తువులు ఉంటే కన్ను దేనినీ పట్టుకోలేదు. వాటిలో ఈ యాప్‌ను మరే ధరల యాప్ నుంచైనా వేరుచేసేది పండు ఒక్కటే కాబట్టి దానినే ఉంచాలి. రూపాయి గుర్తు డబ్బుతో పనున్న ఏ యాప్‌కైనా సరిపోతుంది కనుక దానిని వదులుకోవచ్చు. అక్షరాల సంగతి మరీ కష్టం. సాధనాలు తెలుగు ఒత్తులను తరచుగా తప్పుగా గీస్తాయి; సరిగ్గా గీసినా "త్త" కింది ఒత్తు చిన్న సైజులో చుక్కగా మారుతుంది. పేరు ఎలాగూ ఐకాన్ కిందే ఉంటుంది.

"అక్షరాలు వద్దు, బుట్ట వద్దు" అని రాయడం కూడా తరచుగా ఎదురు తిరుగుతుంది. పేరు చెప్పి వద్దన్న వస్తువే బొమ్మలోకి వస్తుంది. కావలసినది మాత్రమే చెప్పడం మంచిది. ఈ యాప్‌కు నేను రాసే ప్రాంప్ట్ ఇలా ఉంటుంది:

```
Flat symbol of one round sweet lime slice, cut face to viewer,
six thick wedges, wide gaps, one short leaf on top,
centered, about half the image width,
pale yellow on solid dark green filling all four edges
```

బత్తాయి చెక్కలో నిజంగా ఉండే తొనలు ఆరుకు మించే ఉంటాయి. ఆరుతోనే కోసిన పండు అని తెలిసిపోతుంది కాబట్టి, చోటు కోసం మిగిలినవి మానేశాను.

అపోహ: ఇప్పటి ఫోన్ల తెరలు అంత స్పష్టంగా ఉండగా సన్నని గీతలతో ఇబ్బంది ఏముంటుంది?

వాస్తవం: తెరలో పిక్సెళ్లు పెరిగాయి గానీ ఐకాన్ పెద్దది కాలేదు. 48 డీపీల ఐకాన్ తెరపై సుమారు ఏడున్నర మిల్లీమీటర్లే ఉంటుంది. 1024 పిక్సెళ్ల బొమ్మలో తొనల మధ్య గీత 10 పిక్సెళ్లు ఉంటే, ఫోన్‌లో అది మిల్లీమీటరులో పదో వంతు అవుతుంది. ఎండలో, మార్కెట్ యార్డులో నిలబడి ఫోన్ చూసే రైతుకు అది కనబడదు. నేను ఆ సందును కనీసం 28 పిక్సెళ్లు ఉంచుతాను; కనబడే భాగాన్ని 48 పిక్సెళ్లకు కుదించినా అప్పుడు దాదాపు రెండు పిక్సెళ్లు మిగులుతాయి. పరీక్షించడానికి, ఆదేశాలతో బొమ్మలను మార్చే ఇమేజ్‌మేజిక్‌లో ఈ ఒక్క ఆదేశం చాలు:

```
magick icon.png -gravity center -crop 683x683+0+0 +repage -resize 48x48 -colorspace Gray small.png
```

వచ్చిన బొమ్మను పెద్దది చేయకుండా చూడాలి. తొనలు కలిసిపోయి ఒకే ముద్దగా కనిపిస్తే సందులు చాలలేదన్నమాట. పండు వెనుక రంగులో కలిసిపోతే రంగుల ఎంపిక తప్పు. పచ్చి బత్తాయి రంగును లేత ఆకుపచ్చ మీద పెట్టినప్పుడు ఇదే జరుగుతుంది. రంగుల్లో వేరుగా కనిపించే ఆ రెండూ నలుపు తెలుపులో ఒకే బూడిద రంగుగా మారతాయి. అందుకే పై ప్రాంప్ట్‌లో వెనుక ముదురు ఆకుపచ్చ అడిగాను.

అపోహ: అదే బొమ్మను తగ్గించి నోటిఫికేషన్‌కూ వాడుకోవచ్చు.

వాస్తవం: నోటిఫికేషన్ ఐకాన్‌లో ఆండ్రాయిడ్ మన రంగులను పట్టించుకోదు, ఎక్కడ పారదర్శకంగా ఉందో, ఎక్కడ లేదో మాత్రమే చూస్తుంది. వెనుక రంగుతో సహా ఇస్తే పైన తెల్లటి గడి ఒకటి కనబడుతుంది. తొక్క, తొనలు నిండుగా, సందులు పారదర్శకంగా ఉండేలా వెక్టర్ సాఫ్ట్‌వేర్‌లో చేత్తో మళ్లీ గీయాలి. ఆ 24 డీపీల చోటుకు ఆరు తొనలు కూడా ఎక్కువే. మధ్యలో అవి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అర చెక్క, మూడు తొనలు తీసుకుని ఆకును వదిలేస్తే పండు గుర్తుపట్టేలా ఉంటుంది.