నాయన అప్పు, కొడుకు సంతకం: అపోహలు - వాస్తవాలు

నల్లగొండ కోర్టులో సివిల్ కేసులు చూసే వకీలుని. ప్రామిసరీ నోటు దావాలే నా దగ్గర ఎక్కువ. వాటిలో కొన్నింట్లో ప్రతివాది అసలు అప్పే చేసి ఉండడు. అప్పు తండ్రిది, సంతకం మాత్రం కొడుకుది. ఆ సంతకం ఎందుకు పెట్టావని అడిగితే చెప్పే కారణాలు దాదాపు ఒక్కలాగే ఉంటాయి. వాటినే అపోహలుగా తీసుకుని ఒక కేసు ఆధారంగా రాస్తున్నాను. మనుషులను గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

తిప్పర్తి వైపు ఒక ఊరు. డెబ్బై దాటిన రైతు కాలు జారి పడి తుంటి ఎముక విరిగింది. ఆస్పత్రికి ఆధార్ కార్డు కావాలని కూతురు బీరువా వెతికితే ఒక రేకు డబ్బా దొరికింది. అందులో బ్యాంకు పంట రుణం నోటీసు, బంగారం కుదువ పెట్టిన రసీదు ఉన్నాయి. ఒక చీటీ మీద నాయన చేతిరాత: "2 లక్షలు, రెండు రూపాయలు, 10-6-2022". ఆ అప్పు సంగతి తల్లికీ తెలియదు. కొడుకు హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగి, జీతం 38 వేలు. అతను ఊరికి వచ్చిన మూడో రోజే అప్పు ఇచ్చిన పెద్దమనిషి ఇంటికి వచ్చాడు. అది 2025 మే నెల.

"తమ్మీ, మీ నాయన మంచాన పడ్డడు. ఆయన సంతకానికి ఇగ విలువేముంది? నువ్వు నౌకరి చేసేటోనివి, నోటు నీ పేరు మీద తిరగరాయి. తొందరేం లేదు, నెమ్మదిగ కట్టు."

అబ్బాయి రాసేవాడే. చెల్లెలు ఆపి నా దగ్గరికి పంపింది.

అపోహ: తండ్రి అప్పు కొడుకే కట్టాలి, చట్టం కూడా అదే చెబుతుంది

ఇది ఒకప్పుడు నిజం. తండ్రి చేసిన అప్పు తీర్చడం కొడుకు ధర్మమన్న సూత్రాన్ని హిందూ చట్టం కింద కోర్టులు కూడా అమలు చేసేవి. హిందూ వారసత్వ చట్టానికి చేసిన సవరణ 2005 సెప్టెంబరు 9 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ తర్వాత చేసిన అప్పులకు కొడుకు అయినంత మాత్రాన, ధర్మం పేరు చెప్పి అతని మీద వసూలుకు పోవడానికి కోర్టు ఒప్పుకోదు. కాబట్టి తిప్పర్తి అబ్బాయి జీతం మీద, అతను సొంతంగా కొనుక్కున్న ప్లాటు మీద ఆ నోటుకు ఏ హక్కూ లేదు.

అయితే "నాకు బాధ్యత లేదు" అంటే "అప్పు పోయింది" అని కాదు. నాయన పేరున ఉన్న భూమి ఆ అప్పుకు జవాబు చెప్పాల్సిందే. ఆయన పోయిన తర్వాత అప్పు ఇచ్చినవాళ్లు వారసుల మీద దావా వేయవచ్చు. కానీ ఆయన నుంచి వాళ్లకు సంక్రమించిన ఆస్తి మేరకే వసూలు చేసుకోగలరు. ఈ విషయంలో కొడుకుకూ కూతురికీ తేడా లేదు. నాయన నుంచి వచ్చిన ఆస్తి విలువ రెండు లక్షలు, అప్పు అయిదు లక్షలు అయితే మిగతా మూడు లక్షలు పిల్లల జేబులోంచి రావు. ఈ కేసులో నాయనకు రెండెకరాలు ఉంది. దాని విలువ అప్పు కంటే చాలా ఎక్కువ. కాబట్టి పట్టించుకోకుండా వదిలేస్తే నష్టపోయేది ఆ భూమే.

అపోహ: నోటు తిరగరాయడం ఉత్త లాంఛనం

నేను ఎక్కువ చెప్పాల్సింది దీని గురించే.

పెద్దమనిషి మే నెలలోనే ఎందుకు వచ్చాడో చూడండి. అడిగినప్పుడు చెల్లించాలని రాసిన ప్రామిసరీ నోటు మీద దావా వేయడానికి, రాసిన తేదీ నుంచి మూడేళ్ల గడువే ఉంటుంది. 2022 జూన్ 10 నోటుకు ఆ గడువు 2025 జూన్ 10తో ముగుస్తుంది. అందుకే మన ఊళ్లలో మూడేళ్లు నిండే ముందు నోట్లు తిరగరాస్తారు, లేదా కొంత కట్టించుకుని నోటు వెనక చెల్లు వేయిస్తారు. ఆయన తన గడువు కాపాడుకోవడంలో తప్పు లేదు. కానీ దానికి నాయన సంతకం చాలు. కొడుకు సంతకం అడిగాడంటే, రెండెకరాల రైతు స్థానంలో నెల జీతం వచ్చే మనిషిని బాకీదారుగా తెచ్చుకుంటున్నాడన్న మాట.

లెక్క చూద్దాం. 2 లక్షలకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 4 వేలు. 35 నెలలకు 1,40,000. కొత్త నోటు 3,40,000కు రాస్తారు, అంటే పాత వడ్డీ కూడా అసలైపోతుంది. అక్కడి నుంచి నెల వడ్డీ 6,800. ఇంకో మూడేళ్లు ఏమీ కట్టకపోతే బాకీ 5,84,800 అవుతుంది. పైగా కొత్త నోటులో "నా అవసరాల నిమిత్తం నగదుగా ముట్టినది" అని ఉంటుంది. రేపు కోర్టులో "డబ్బు నాకు రాలేదు, నాయనకు వచ్చింది" అంటే నిరూపించుకోవాల్సిన భారం సంతకం పెట్టినవాడిదే. నేను చూసిన ఇంకో ప్రమాదం, పాత నోటు వెనక్కి ఇవ్వకపోవడం. "ఎక్కడో పెట్టిన, దొరికినంక ఇస్త" అంటారు. అప్పుడు ఒకే అప్పుకు తండ్రి నోటొకటి, కొడుకు నోటొకటి బతికి ఉంటాయి.

భరోసా కోసమని ఖాళీ నోటు మీదగానీ, సొంత చెక్కు మీదగానీ సంతకం చేసి ఇవ్వడం ఇంకా ప్రమాదం. సంతకం పెట్టిన ఖాళీ నోటును నింపుకునే అధికారాన్ని చట్టమే పట్టుకున్నవాడికి ఇస్తుంది. చెక్కు బౌన్స్ అయితే అది క్రిమినల్ కేసు, రెండేళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు. అప్పు నాయనది, చెక్కు మాత్రమే నాది అంటే బయటపడతానన్న నమ్మకం పెట్టుకోవద్దు.

అపోహ: సంతకం పెట్టలేదు, నోటిమాటే కదా అన్నాను

మన దేశంలో హామీ నోటిమాటగా ఇచ్చినా చెల్లుతుంది. పెద్దమనుషుల ముందు "కోర్టుకు పోకు, ఆరు నెలలు ఆగు, నాయన కట్టకపోతే నేను కడతా" అంటే, ఆ మాట నమ్మి ఆగాను కాబట్టి నువ్వు హామీదారువే అని అవతలివాళ్లు వాదించగలరు. వాట్సాప్‌లో రాస్తే వాళ్ల పని ఇంకా తేలిక. హామీదారు బాధ్యత అసలు బాకీదారు బాధ్యతతో సమానం. ముందు నాయన మీదికి పోయి, అక్కడ రాకపోతేనే నా దగ్గరికి రావాలని అనడానికి లేదు.

అందుకే ఆ అబ్బాయికి ఒక్క వాక్యం చెప్పి పంపాను: "మా నాయనకు నేను సాయం చేస్తా, నీకు కట్టేది ఆయనే." ఎవరు ఎన్నిసార్లు అడిగినా అదే మాట.

అపోహ: ఒక్క రూపాయి కట్టినా అప్పు మన మెడకు చుట్టుకుంటుంది

కట్టడం వేరు, ఒప్పుకోవడం వేరు. ప్రేమతో తండ్రికి డబ్బు ఇచ్చినంత మాత్రాన కొడుకు బాకీదారు కాడు. డబ్బు నడిచే దారి మాత్రం శుభ్రంగా ఉండాలి. ఈ కేసులో కొడుకూ కూతురూ ముందు నాయన బ్యాంకు ఖాతాలో వేశారు. అక్కడి నుంచి నాయన పేరుతోనే పెద్దమనిషి ఖాతాకు పోయింది. నోటు వెనక చెల్లు రాసి నాయన సంతకం చేశాడు. దీనితో నాయన మీద గడువు ఇంకో మూడేళ్లు పెరిగింది. తెలిసే చేశాం, ఎందుకంటే అప్పు నిజమైనదే, ఆయన కట్టాలనే అనుకున్నాడు.

అంతకుముందే పెద్దమనుషుల ముందు కూర్చుని లెక్క తేల్చారు. వడ్డీ రూపాయికి తగ్గించారు. నెలకు 2 వేల చొప్పున 35 నెలలకు 70 వేలు, అసలుతో కలిపి 2,70,000. వెంటనే 50 వేలు, జూన్ చివర లక్ష, పత్తి అమ్మాక సంక్రాంతి తర్వాత 1,20,000. ఇక వడ్డీ లేదని, ఇది పూర్తి పరిష్కారమని కాగితం రాసి అప్పు ఇచ్చిన పెద్దమనిషి సంతకం చేశాడు. బాకీదారుగా నాయన చేశాడు. సాక్షులుగా ఊరివాళ్లు ఇద్దరు. సాక్షి సంతకం చేసినంత మాత్రాన అప్పు మీద పడదు, అయినా కొడుకును సాక్షిగా కూడా వద్దన్నాను. సంతకం పక్కన "సాక్షి" అన్న మాట లేకపోతే తర్వాత దాని మీదే కొట్లాట మొదలవుతుంది.

పెద్దమనుషుల ఒప్పందం మీద నమ్మకం చాలకపోతే, దావా వేయకముందే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టి లోక్ అదాలత్‌లో రాజీ చేసుకోవచ్చు. ఆ రాజీ మీద లోక్ అదాలత్ ఇచ్చే అవార్డు కోర్టు డిక్రీతో సమానం. సలహా కోసం 15100కు ఫోన్ చేయవచ్చు.

అపోహ: భూమి ముందే పిల్లల పేరున గిఫ్ట్ చేస్తే అప్పులోళ్లు ఏం చేయలేరు

తహసీల్దార్ ఆఫీసులో గిఫ్ట్ డీడ్ అయిపోతే పని అయిపోయిందనుకుంటారు. అప్పు ఇచ్చినవాళ్లకు ఎగ్గొట్టడానికే ఆస్తి బదిలీ చేశారని తేలితే, వాళ్లు కోరినప్పుడు కోర్టు ఆ బదిలీని పక్కన పెట్టగలదు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. తండ్రి తన ఆస్తి మొత్తాన్ని ఒకరికే గిఫ్ట్ ఇస్తే, ఆ రోజుకు ఆయనకున్న అప్పులన్నింటికీ ఆ ఆస్తి మేరకు తీసుకున్నవాడే బాధ్యుడు. బాధ్యత తప్పించుకోవడానికి రాయించుకున్న కాగితమే బాధ్యత తెచ్చిపెడుతుంది. ఈ ఇంట్లో కూడా ఆ ఆలోచన వచ్చింది, వద్దన్నాను.

అపోహ: బ్యాంకులో అయితే ఏం కాదు, అది ప్రభుత్వ పద్ధతి

పంట రుణం రెన్యువల్‌కు పోయినప్పుడు "అబ్బాయి కూడా ఒక సంతకం పెట్టు" అంటే, ముందు ఆ పేజీ పైన ఏముందో చదవండి. "సహ రుణగ్రహీత" అని ఉన్నా "హామీదారు" అని ఉన్నా బాధ్యత మీదే. నాయన కట్టకపోతే మీ సిబిల్ కూడా పాడవుతుంది. నాయనను తీసుకెళ్లడం, ఫారం నింపడం, డబ్బు కట్టడం, ఇవేవీ మిమ్మల్ని బాకీదారును చేయవు. నాయన ఒప్పుకోకుండా ఆయన ఖాతా వివరాలు బ్యాంకు మీకు చెప్పదు. అందుకే ఆయనను వెంట తీసుకెళ్లండి, లేదా ఆయన సంతకంతో లెటర్ పట్టుకెళ్లండి. క్రెడిట్ రిపోర్టు ఏడాదికోసారి ఉచితంగా తీసుకోవచ్చు. ఆయన ఫోన్‌కు ఓటీపీ వస్తుంది కాబట్టి ఆయన పక్కన కూర్చునే తీయండి. అందులో బ్యాంకు, ఫైనాన్స్ అప్పులు కనిపిస్తాయి, నోటు అప్పులు కనిపించవు. ఆయన వేరేవాళ్ల చిట్టీకి షూరిటీ పెట్టాడేమో మాత్రం నోరు తెరిచి అడగాలి, పెద్దవాళ్లు దాన్ని అప్పుగా లెక్కపెట్టరు.

వసూలు ఏజెంట్లు కొడుకు నంబరుకు ఫోన్ చేస్తుంటే, అప్పు మీది కాదని ఒకసారి చెప్పి తేదీ, టైం రాసి పెట్టుకోండి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత వసూలు కాల్స్ చేయకూడదు. బ్యాంకుకు రాసిన ఫిర్యాదుకు 30 రోజుల్లో జవాబు రాకపోతే cms.rbi.org.in లో అంబుడ్స్‌మన్‌కు పెట్టవచ్చు.

ఆ అబ్బాయికి నేను చివరగా చెప్పింది ఆఖరి వాయిదా గురించి. 1,20,000 ఖాతాకు పంపే ముందు అసలు నోటు ఎదురుగా బల్ల మీద ఉండాలి. డబ్బు ముట్టగానే నోటు వెనక "పూర్తిగా చెల్లు" అని రాయించి, పెద్దమనిషి సంతకం తీసుకుని, ఆ నోటు ఇంటికి తెచ్చుకోవాలి. అక్కడికక్కడే చింపేయడం మనవాళ్లకు అలవాటు. చింపొద్దని చెప్పాను. ఇప్పుడది ఆ రేకు డబ్బాలోనే, పరిష్కార కాగితానికి పిన్ను కొట్టి ఉంది.