గుల్ల కట్టాల్సిన కార్బొనేట్ ఎటు పోతోంది?

గుంటూరు, విజయవాడల్లో ఇంటర్ కెమిస్ట్రీ చదివినవాళ్లకు సున్నపు తేట ప్రయోగం గుర్తుండే ఉంటుంది. గొట్టంతో గాలి ఊదితే తేట పాలలా తెల్లబడుతుంది. అక్కడితో ఆపకుండా కార్బన్ డయాక్సైడ్ పంపుతూ పోతే ఆ తెలుపు కరిగిపోయి నీళ్లు మళ్లీ తేరుకుంటాయి. ముందు ఏర్పడిన తెల్లపొడి కాల్షియం కార్బొనేట్, అంటే సూర్యలంక తీరంలో ఏరుకునే గుల్లల్లో ఉన్న పదార్థమే. గ్యాస్ ఎక్కువయ్యేసరికి అది బైకార్బొనేట్‌గా మారి నీళ్లలో కలిసిపోయింది. సముద్రం ఆమ్లమవుతోందని వచ్చే వార్తల వెనక ఉన్న రసాయనం ఇదే.

ఆ వార్తలు చదివి నీళ్లు యాసిడ్ అయిపోతాయని టెన్షన్ పడేవాళ్లున్నారు. అది నిజం కాదు. పరిశ్రమలు పుట్టకముందు సముద్రపు పైపొర పీహెచ్ దాదాపు 8.2, ఇప్పుడు 8.1 దగ్గరుంది. ఇప్పటికీ క్షారమే. కానీ మనం గాలిలోకి వదిలే కార్బన్ డయాక్సైడ్ కొంత సముద్రంలో కరగడంతో వచ్చిన ఈ చిన్న తేడాకే, పీహెచ్ లెక్కలో హైడ్రోజన్ అయాన్లు పావు వంతుకు పైగా పెరిగాయి. అవి వెళ్లి కార్బొనేట్ అయాన్లను పట్టుకుంటాయి:

CO₂ + H₂O + CO₃²⁻ → 2HCO₃⁻

సముద్రంలో కరిగిన కార్బన్‌లో దాదాపు తొంభై శాతం బైకార్బొనేటే. గుల్లకు పనికొచ్చే కార్బొనేట్ పది శాతం లోపే. కాల్షియానికి కొరత లేదు, తగ్గేది ఈ కాస్త కార్బొనేటే. అది బాగా పడిపోతే కట్టిన గుల్ల కూడా కరగడం మొదలవుతుంది.

ఈ చర్యను శాస్త్రవేత్తలు మొదట్లో వేరే వైపు నుంచి చూశారు. మనం వదిలే గ్యాస్‌లో చాలా భాగాన్ని సముద్రమే తాగేస్తుందిలే అన్న ధీమా 1950ల దాకా ఉండేది. 1957లో అమెరికాలో రోజర్ రెవెల్, హాన్స్ స్యూస్ ఆ ధీమాను దెబ్బతీశారు. సముద్రజలంలోని రసాయన సమతుల్యం వల్ల అది పీల్చుకోవడానికి హద్దుందని చూపారు. అప్పుడు అందరి చూపూ గాలిలో మిగిలిపోయే గ్యాస్ మీదకు వెళ్లింది. పీల్చుకున్నది నీళ్లలో ఏం చేస్తోందన్నది చాలాకాలం పక్కనే ఉండిపోయింది. 2003లో అమెరికా శాస్త్రవేత్తలు కెన్ కాల్డెయిరా, మైకేల్ వికెట్ రాబోయే శతాబ్దాల పీహెచ్ లెక్కలు వేసి ప్రచురించాక గానీ దానిపై గట్టి చర్చ మొదలవలేదు.

లెక్కల్లో ఉన్న సంగతి హేచరీ ట్యాంకుల్లోకి వచ్చింది 2007, 2008 ప్రాంతంలో. అమెరికా పశ్చిమ తీరంలో, ఓరెగాన్ రాష్ట్రంలోని నెటార్ట్స్ బే ఒడ్డున ఆయిస్టర్ అనే గుల్లజీవి పిల్లలను పెంచే విస్కీ క్రీక్ హేచరీ ఉంది. చుట్టుపక్కల రైతులకు సీడ్ అక్కడి నుంచే వెళ్తుంది. ఉన్నట్టుండి ట్యాంకులకు ట్యాంకులు లార్వా చనిపోసాగింది. మన హేచరీల వాళ్లయినా ముందు అనుమానించేది విబ్రియో అనే బ్యాక్టీరియానే. వాళ్లూ అదే అనుకుని నీటిని శుద్ధి చేసే ఏర్పాట్లు చేశారు. అయినా చావులు ఆగలేదు.

హేచరీలోని అలన్ బార్టన్, ఓరెగాన్ స్టేట్ యూనివర్సిటీ శాస్త్రవేత్త బర్క్ హేల్స్ నీటి కెమిస్ట్రీని కొలవడం మొదలుపెట్టాక అసలు కారణం దొరికింది. ఉత్తరపు గాలి గట్టిగా వీచిన రోజుల్లో లోతు నీళ్లు తీరంలో పైకి తేలతాయి. వాటిలో కార్బన్ డయాక్సైడ్ సహజంగానే ఎక్కువ, దానికి మనం వదిలింది తోడైంది. పైగా ఆ నీళ్లు చివరిసారి గాలిని తాకి సుమారు యాభై ఏళ్లవుతుంది. అంటే ఆ తర్వాత వదిలిందంతా ఇంకా దారిలోనే ఉంది.

లార్వా చచ్చిన తీరు కూడా గమనించదగ్గది. గుడ్డు నుంచి వచ్చాక రెండు రోజుల్లోపే అది తొలి గుల్ల కట్టుకోవాలి. అప్పటికి తిండి తినే అవయవాలు సరిగా ఏర్పడవు, గుడ్డులోంచి తెచ్చుకున్న శక్తే దిక్కు. కార్బొనేట్ తగ్గిన నీళ్లలో గుల్ల కట్టడానికే ఆ శక్తి ఎక్కువ ఖర్చయిపోతుంది. కాబట్టి గుల్ల కరిగే స్థాయికి నీళ్లు దిగజారకముందే పిల్ల నీరసించి పోతుంది. గుల్లలు కరిగిపోతాయన్న మాట పట్టుకుని కూర్చుంటే ఈ తొలి నష్టం కంటపడదు.

విస్కీ క్రీక్ వాళ్లు చేసిన మొదటి పని ట్యాంకులను మధ్యాహ్నం దాటాక నింపడం. ఎందుకో బాపట్ల, నిజాంపట్నం వైపు చెరువులు చేసేవాళ్లకు చెప్పక్కర్లేదు. పొద్దున్నే పీహెచ్ తక్కువ, సాయంత్రానికి ఎక్కువ. ఎండలో నాచు, ప్లాంక్టన్ కార్బన్ డయాక్సైడ్‌ను వాడేసుకోవడమే కారణం. రెండో పని, నీళ్లలో సోడియం కార్బొనేట్ కలపడం. దాంతో ఉత్పత్తి చాలావరకు కోలుకుంది.

మన చెరువు పీహెచ్ ఒక్క పగటిలోనే సముద్రం రెండు శతాబ్దాల్లో మారినదానికన్నా ఎక్కువ ఊగుతుంది. అందుకే చెరువు గట్టు మీద తీసిన ఒక్క రీడింగ్‌తో బంగాళాఖాతం గురించి ఏమీ తేల్చలేం. పీహెచ్‌తో పాటు ఆమ్లాన్ని తట్టుకునే శక్తి అయిన ఆల్కలినిటీ, ఉప్పదనం, ఉష్ణోగ్రత కూడా తెలిస్తేనే కార్బొనేట్ ఎంతుందో లెక్కగట్టగలం. కృష్ణా, గోదావరి వరద నీళ్లు కలిసినప్పుడు మన తీరంలో ఉప్పదనం, దాంతో పాటే ఆల్కలినిటీ తగ్గుతాయి. ఈ మార్పుల్లో గాలిలోని గ్యాస్ వాటా ఎంతో విడదీయాలంటే ఏళ్ల తరబడి ఒకే చోట, ఒకే పద్ధతిలో కొలుస్తూ పోవాల్సిందే.