జ్వరం ఫిట్స్‌కి రోజూ మందు ఎందుకు మానేశారు?

కంచరపాలెంలో మా పక్కింటి బాబుకి 16 నెలలు. ఆ రోజు సాయంత్రం ఒళ్ళు వెచ్చబడింది. గంటలో 102 దాటింది. నానమ్మ ఒళ్ళో ఉన్నవాడు ఉన్నట్టుండి కళ్ళు తేలేశాడు. ఒళ్ళు కొయ్యబారింది, ఆ తర్వాత కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం మొదలైంది. నోట్లో నురగ, పెదాలు నీలంగా. ఒకరు తాళాల గుత్తి తెచ్చి గుప్పిట్లో పెట్టారు, ఇంకొకరు పళ్ళ మధ్యకి చెంచా పట్టుకొచ్చారు. రెండు నిమిషాల్లో అదే ఆగిపోయింది. బాబు మత్తుగా నిద్రలోకి జారుకున్నాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ గొంతు చూశారు, మెడ వంచి చూశారు, కొన్ని గంటలు అక్కడే ఉంచుకున్నారు. గొంతు ఎర్రబడింది, వైరల్ జ్వరం. స్కానింగ్ లేదు, మెదడు తరంగాలు చూసే ఈఈజీ లేదు, రోజూ వేసే మందూ రాయలేదు. నానమ్మకి అదే నచ్చలేదు. "వీడి నాన్నకి ఇలాగే వస్తే మూడేళ్ళు రోజూ గార్డినాల్ వేశామమ్మా. మీరేంటి, ఏమీ రాయలేదు?" అని నిలదీసింది.

ఆమె అడిగింది న్యాయమైన ప్రశ్న. గార్డినాల్ అంటే ఫినోబార్బిటాల్. జ్వరంతో ఫిట్స్ వచ్చిన పిల్లలకి ఏళ్ళ తరబడి అదే ఇచ్చేవారు. ప్రతి ఫిట్టూ మెదడుని దెబ్బతీస్తుందనీ, ఆపకపోతే మూర్ఛరోగం అవుతుందనీ భయం. ఆ భయానికి కారణం ఉంది. అప్పటి లెక్కలన్నీ పెద్దాసుపత్రులకు చేరిన పిల్లలవి. అక్కడికి చేరేది ఎక్కువగా జబ్బు ముదిరినవాళ్ళే. ఇంట్లో ఒకసారి ఫిట్స్ వచ్చి తేరుకున్నవాళ్ళు ఆ లెక్కలోకి రాలేదు.

అమెరికాలో వేలమంది గర్భిణుల్ని నమోదు చేసుకుని, వాళ్ళకి పుట్టిన పిల్లల్ని ఏడేళ్ళ వయసు దాకా గమనించిన అధ్యయనం ఒకటి ఉంది. అందులో జ్వరం ఫిట్స్ వచ్చిన 1,706 మందిని కేరిన్ నెల్సన్, జోనాస్ ఎలెన్‌బర్గ్ విడిగా పరిశీలించి 1976, 1978లో ఫలితాలు ప్రచురించారు. ఏడేళ్ళకి మూర్ఛరోగం కనబడింది వందకి ఇద్దరిలోనే. తెలివితేటల్లో తోబుట్టువులకి తీసిపోలేదు. 1990లో రెండో దెబ్బ మందు మీదే పడింది. 217 మంది పిల్లల్లో కొందరికి ఫినోబార్బిటాల్, కొందరికి ఉత్తుత్తి మందు ఇచ్చి చూస్తే, రెండేళ్ళకి మందు వాడినవాళ్ళ ఐక్యూ సుమారు 8 పాయింట్లు తక్కువగా తేలింది. ఫిట్స్ మాత్రం తగ్గలేదు. పిల్లవాడికి హాని చేస్తున్నది ఫిట్స్ కాదు, మందు. అలా రోజువారీ మందు క్రమంగా వెనక్కి వెళ్ళింది.

అయితే ఈ ధైర్యం అందరికీ వర్తించదు. ఆర్నెల్ల నుంచి ఐదేళ్ళలోపు పిల్లాడికి, ఒళ్ళంతా ఒకేసారి కొట్టుకుని, 15 నిమిషాల లోపు ఆగి, 24 గంటల్లో మళ్ళీ రాకపోతే అది మామూలు రకం. ఒక చెయ్యో ఒక కాలో మాత్రమే కొట్టుకున్నా, ఎక్కువసేపు సాగినా, అదే రోజు మళ్ళీ వచ్చినా వేరే రకం. అప్పుడు పరీక్షలు అవసరం కావచ్చు. ఫిట్స్ ఆగాక గంట గడిచినా తెలివి రాకపోవడం, మెడ బిగుసుకోవడం, మాడు ఉబ్బడం మెదడు పొరల ఇన్‌ఫెక్షన్‌కి గుర్తులు కావచ్చు. వాటికి క్షణం ఆగకూడదు. అందుకే మొదటిసారి ఎలా వచ్చినా డాక్టరు చూడాల్సిందే.

ఇక ఆ రెండు నిమిషాల్లో ఏం చేయాలో డాక్టరమ్మ నానమ్మకే చూపించారు. బిడ్డని నేలమీద పక్కకి ఒత్తిగిలి పడుకోబెట్టాలి, నురగ బయటికి కారిపోతుంది. గడియారం చూడాలి. కాళ్ళూ చేతులూ అదిమి పట్టుకోకూడదు. నోట్లో చెంచా, వేలు, నీళ్ళు, సిరప్, ఏదీ వద్దు. పళ్ళు విరుగుతాయి, లేదా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇనుప తాళాలతో ఆగింది అనుకుంటాం గానీ, చాలావరకు ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి. ఫిట్స్ ఆపడానికి ముక్కులో కొట్టే మిడజోలామ్ స్ప్రే డాక్టరు ముందే రాసిచ్చి ఉంటే, అప్పుడే వాడాలి.

"మళ్ళీ వస్తుందా?" అని తల్లి అడిగింది. రావచ్చు. ముగ్గురిలో ఒకరికి మరో జ్వరంలో వస్తుంది, ఏడాది నిండకముందే మొదలైతే సగం మందికి. వీడి నాన్నకీ వచ్చింది కాబట్టి అవకాశం ఇంకాస్త ఎక్కువ. పారాసిటమాల్ ఒళ్ళు నొప్పులకి, చిరాకుకి మంచిదే, తర్వాతి జ్వరాల్లో ఫిట్స్ రాకుండా అది కాపాడుతుందని మాత్రం పరీక్షల్లో తేలలేదు. తల్లి టైముకి సిరప్ వేయలేదని ఎవరూ నిందించకూడదు. మూర్ఛరోగం మామూలు పిల్లల్లో వందకి ఒకరికి వస్తే, మామూలు జ్వరం ఫిట్స్ వచ్చినవాళ్ళలో ఒకరిద్దరికి. రెండో రకం ఫిట్స్, ఎదుగుదల లోపం, ఇంట్లో మూర్ఛరోగం ఉన్నచోట ఆ సంఖ్య పెరుగుతుంది.

మాటిమాటికీ వచ్చే కొందరికి జ్వరం ఉన్న రెండు మూడు రోజులు ఫిట్స్ రాకుండా క్లోబజామ్ అనే మందు ఇస్తారు. మత్తు, తూలడం ఉంటాయి. పైగా కొన్నిసార్లు జ్వరం తెలిసేలోపే ఫిట్స్ వచ్చేస్తాయి, అప్పుడు దానితో ఉపయోగం లేదు.

నాలుగు నెలలకి బాబుకి మళ్ళీ వచ్చింది. కోడలు చెంచా కోసం చూడలేదు. నానమ్మే చాప మీద వాణ్ణి పక్కకి తిప్పి, "ఏడూ పది, టైము చూడమ్మా" అంది. ఏడూ పన్నెండుకి ఆగింది.