ఏడు సెకన్ల దరువు, ఎనిమిది ముక్కలు

1969లో అమెరికాలో 'ది విన్‌స్టన్స్' అనే సోల్ బృందం విడుదల చేసిన ఒక చిన్న రికార్డుకు రెండో వైపున 'ఆమెన్, బ్రదర్' అనే వాద్యగీతం ఉంది. అందులో ఒకచోట మిగతా వాద్యాలన్నీ ఆగిపోగా, డ్రమ్మర్ గ్రెగరీ కోల్‌మన్ ఒక్కరే నాలుగేసి బీట్ల నాలుగు బార్లు, అంటే సుమారు ఏడు సెకన్లు, వాయించారు. మొదటి రెండు బార్లలో ఒకే నడక సాగుతుంది. మూడో బారులో స్నేర్ అనే పదునైన మోత గల డ్రమ్ దెబ్బ ఒకటి ఆలస్యంగా పడుతుంది. నాలుగో బారు మొదటి బీటును ఖాళీగా వదిలి, కంచు తాళం దెబ్బను ముందుగానే వేస్తుంది. నేడు 'ఆమెన్ బ్రేక్' అని పిలిచేది ఈ భాగాన్నే. లూపును, అంటే మళ్లీ మళ్లీ మోగించే ఇలాంటి భాగాన్ని, ముక్కలుగా కోసి కొత్త లయగా పేర్చే పద్ధతి ఎందుకు పుట్టిందో దీని ద్వారా స్పష్టంగా తెలుస్తుంది.

1970లలో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ ప్రాంతపు డీజేలు ఒకే రికార్డు రెండు ప్రతులను పక్కపక్కనే తిప్పుతూ, ఇలాంటి డ్రమ్స్ భాగం ఒకదానిలో ముగియగానే రెండోదానిలో మొదలుపెట్టేవారు. ఇది పొడిగించడమే కాని మార్చడం కాదు. 1980లలో, రికార్డయిన శబ్దాన్ని దాచుకొని కోరినప్పుడు మోగించే శాంప్లర్లు చేతికి వచ్చాక లూపును యంత్రంలోకి ఎక్కించడం సాధ్యమైంది. కాని అప్పటి యంత్రాలకు ఒక గట్టి పరిమితి ఉండేది: లూపు వేగాన్ని పెంచితే దాని శ్రుతి కూడా పెరుగుతుంది. కోల్‌మన్ వాయించినది నిమిషానికి సుమారు 136 బీట్ల వేగం. 1990ల తొలినాళ్లలో లండన్‌లో జంగిల్ అనే వేగవంతమైన నృత్య సంగీతం చేసేవారికి కావలసినది 160కి పైన. 136ను 165కు తీసుకువెళితే శ్రుతి మూడు స్వరస్థానాలకు పైగా పెరిగి, డ్రమ్స్ పలచబడతాయి. ఆ పలుచని నాదాన్ని కావాలనే వాడుకున్నవారూ ఉన్నారు. అలా వద్దనుకుంటే మాత్రం, లూపును దెబ్బ దెబ్బకూ కోసి, ఒక్కో ముక్కను అసలు శ్రుతిలోనే ఉంచి, వాటిని మోగించే సమయాలను మాత్రమే దగ్గరికి జరపాలి.

మొదటి బారును సగం బీటు చొప్పున కోస్తే ఎనిమిది ముక్కలు వస్తాయి. ఒకటి, రెండు కిక్, అంటే కాలితో మోగించే పెద్ద డ్రమ్ దెబ్బలు. మూడు గట్టి స్నేర్. నాలుగు, అయిదు ముక్కల్లో రైడ్ తాళంతోపాటు మెత్తని స్నేర్ తాకిళ్లు. ఆరులో వెంటవెంటనే రెండు కిక్‌లు. ఏడు మళ్లీ గట్టి స్నేర్. ఎనిమిదిలో మరో మెత్తని తాకిడి. ఇప్పుడు వీటిని 1 2 3, 1 2 3, 7 8 అనే వరుసలో మోగిస్తే, గట్టి స్నేర్ మూడు, ఆరు, ఏడు స్థానాల్లో పడుతుంది. మృదంగం విన్న చెవికి ఇది తకిట తకిట తక. బారు పొడవు మారలేదు, కొత్త శబ్దం ఒక్కటీ చేరలేదు, అయినా నడక పూర్తిగా వేరైంది. రైడ్ తాళపు మోత, గది ప్రతిధ్వని ప్రతి ముక్కలోనూ ఉన్నాయి కనుక, ఈ కొత్త దరువును కోల్‌మనే వాయించారేమో అనిపిస్తుంది. విడివిడి డ్రమ్ శబ్దాలను పేర్చితే ఈ జీవం రాదు. ఈ పద్ధతి విలువంతా నా దృష్టిలో ఇక్కడే ఉంది.

పని చెడేది ఎక్కువగా కోతలోనే. మనిషి వాయించిన దెబ్బలు గడియారం గీసిన గీతల మీద సరిగ్గా పడవు. అందువల్ల సమాన భాగాలుగా కోస్తే కొన్ని ముక్కల మొదట్లో పక్క దెబ్బ తోక వినిపిస్తుంది, మరికొన్నింటిలో దెబ్బ మొన తెగిపోయి స్నేర్ మొద్దుబారుతుంది. తరంగం సున్నా గీతను దాటని చోట కోస్తే 'టిక్' అనే చప్పుడు వస్తుంది. అసలుకన్నా వేగంగా నడిపేటప్పుడు ఒక ముక్క ముగియకముందే తరువాతిది మొదలవుతుంది. కొత్తది మోగగానే పాతది ఆగేలా అమర్చకపోతే తాళాల మోత ఒకదానిపై ఒకటి పేరుకుంటుంది. నెమ్మదిగా నడిపితే దీనికి విరుద్ధంగా ముక్కల మధ్య నిశ్శబ్దపు సందులు తేలుతాయి. సగం బీటు ముక్క 136 వేగంలో 0.22 సెకను, 110 వేగంలో దాని స్థానం 0.27 సెకను, ఆ తేడా చెవికి బాగా తెలుస్తుంది. ముక్క చివరి మోతను సాగదీసి ఆ సందును పూడ్చవలసి వస్తుంది.

కోత స్థానాలను చెవితో వెతికే ఈ శ్రమను 1994లో స్వీడన్‌కు చెందిన ప్రొపెలర్‌హెడ్ సంస్థ తెచ్చిన 'రీసైకిల్' సాఫ్ట్‌వేర్ తగ్గించింది. అది దెబ్బలు మొదలయ్యే చోట్లను గుర్తించి గీతలు గీస్తుంది, ముక్కలను వరుస కీలకు పంచుతుంది, అసలు వాయింపులోని సమయాలను, ఏ ముక్క ఎప్పుడు మోగాలో చెప్పే మిడి ఫైలుగా ఇస్తుంది. నేటి సంగీత సాఫ్ట్‌వేర్లలోని స్లైస్ సదుపాయాలు చేసే పని కూడా మౌలికంగా ఇదే. మెత్తని తాకిళ్లను అవి ఇప్పటికీ తరచు వదిలేస్తాయి కనుక, గీతలను చేత్తో సరిచూసుకోవలసిందే.

ఈ చరిత్రలో తీరని బాకీ ఒకటి ఉంది. వేలాది పాటల్లో ముక్కలైన ఆ దరువుకు కోల్‌మన్‌కు ఒక్క పైసా రాయల్టీ రాలేదు. ఆయన 2006లో అట్లాంటాలో నిలువ నీడ లేని స్థితిలో మరణించారు. బృంద నాయకుడు, రికార్డు హక్కుదారు రిచర్డ్ స్పెన్సర్‌కు ఈ వాడకం సంగతి 1996లో గాని తెలియలేదు, అప్పటికే దావా వేసే గడువు దాటిపోయింది. 2015లో బ్రిటన్ నుంచి మొదలైన చందాల సేకరణ ద్వారా ఆయనకు 24,000 పౌండ్లు అందాయి.