స్పీకర్ వైరు: లావు, పొడవు, బనానా ప్లగ్గుల మీద అపోహలు – వాస్తవాలు

కొత్తగా స్టీరియో కొన్నవాళ్లు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఏ కంపెనీ వైరు వేయమంటారు?" దానికి జవాబు చెప్పాలంటే ముందు తెలియాల్సినవి రెండున్నాయి. ఆంప్లిఫయర్ నుంచి స్పీకర్ దాకా గోడ వెంట తిరిగి వెళ్తే వైరు ఎన్ని మీటర్లు పడుతుంది? స్పీకర్ వెనక ఎన్ని ఓమ్స్ అని రాసుంది? ఈ రెండూ తెలిస్తే ఎంత లావు వైరు కావాలో లెక్క కడితే వచ్చేస్తుంది. కంపెనీ పేరు ఆ తర్వాత సంగతి.

అపోహ: వైరు ఎంత లావైతే, ఎంత ఖరీదైతే సౌండ్ అంత బాగుంటుంది.

జనం డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే, అందుకే దీన్ని కాస్త నిదానంగా చూద్దాం. ఇంట్లో వేసుకునే పొడవుల్లో స్పీకర్ వైరు చేసే నష్టమంతా దాని రెసిస్టెన్స్ వల్లే. రాగికి ఎంతో కొంత రెసిస్టెన్స్ ఉంటుంది. వైరు పొడవు పెరిగితే అది పెరుగుతుంది, లావు పెరిగితే తగ్గుతుంది. కరెంటు వెళ్లి తిరిగి రావాలి కాబట్టి రెండు తీగల్నీ లెక్కలోకి తీసుకోవాలి. ఈ మొత్తం స్పీకర్ ఓమ్స్‌లో 5 శాతం దాటకుండా చూసుకుంటే చాలు. 8 ఓమ్స్ స్పీకర్‌కు 0.4, 6 ఓమ్స్‌కు 0.3, 4 ఓమ్స్‌కు 0.2 ఓమ్. అంటే అదే వైరును 4 ఓమ్స్ స్పీకర్‌కు వాడాలంటే 8 ఓమ్స్ దానికి వెళ్లినంత దూరంలో సగమే వెళ్లాలి.

ఒక మామూలు హాలు తీసుకోండి. ఆంప్లిఫయర్ టీవీ యూనిట్‌లో ఉంది. కుడి స్పీకర్ పక్కనే, 3 మీటర్ల వైరు చాలు. ఎడమ స్పీకర్‌కు మాత్రం వైరు గుమ్మం చుట్టూ తిరిగి రావాలి, 12 మీటర్లు పడుతుంది. స్పీకర్లు 6 ఓమ్స్‌వి.

సెట్‌తో పాటు డబ్బాలో ఊరికే వచ్చే సన్న వైరు చాలాసార్లు 0.2 స్క్వేర్ ఎంఎం కూడా దాటదు. అది 12 మీటర్లు వేస్తే రానూపోనూ కలిపి సుమారు 2 ఓమ్స్. 6 ఓమ్స్ స్పీకర్ ముందు 2 ఓమ్స్ నిలబడితే, వెళ్లే పవర్‌లో పావు వంతు వైరులోనే వేడిగా పోతుంది. ఆ స్పీకర్ సౌండ్ రెండున్నర డెసిబెల్స్ పడిపోతుంది. ఇంతటితో అయిపోదు. స్పీకర్ వెనక 6 అని రాసున్నా అది అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా 6 కాదు. ఒకచోట 5కి దిగుతుంది, బేస్‌లో ఒకచోట 30కి ఎక్కుతుంది. వైరు 5 దగ్గర ఎక్కువగా, 30 దగ్గర తక్కువగా కోస్తుంది. దాంతో బేస్‌లో ఒక భాగం మిగతా వాటికంటే రెండు డెసిబెల్స్‌కు పైగా లేచి కూర్చుంటుంది. "ఎడమ స్పీకర్ గుమ్‌గుమ్ అంటోంది, మాట స్పష్టంగా లేదు" అనే ఫిర్యాదుకు ఇదీ ఒక కారణం.

అదే దారిలో 1.5 స్క్వేర్ ఎంఎం మంచి రాగి వైరు వేస్తే 0.32 ఓమ్ వస్తుంది. 5 శాతం గీతకు వెంట్రుకవాసి పైన. 2.5 వేస్తే 0.19, నిశ్చింతగా సరిపోతుంది. ఇక 4 స్క్వేర్ ఎంఎంకు వెళ్తే 0.12కి దిగుతుంది. 2.5కీ 4కీ మధ్య సౌండ్‌లో వచ్చే తేడా డెసిబెల్‌లో పదో వంతు. చెవికి తెలియదు. డబ్బు మాత్రం తెలుస్తుంది, పైగా 4 స్క్వేర్ ఎంఎం వైరు చిన్న ఆంప్లిఫయర్ల టెర్మినల్స్‌లో పట్టదు కూడా. లోపల పట్టడం కోసం నాలుగు పోగులు కత్తిరించి తోసేవాళ్లుంటారు. లావు వైరు కొని చివర్లో సన్నం చేసుకోవడం ఎందుకు?

గుర్తుపెట్టుకోవడానికి ఇంత చాలు: 1.5 రాగి వైరుకు మీటరుకు రెండు తీగలూ కలిపి సుమారు 0.027 ఓమ్, 2.5కు 0.016. మీటర్లతో గుణించి చూసుకోండి. 8 ఓమ్స్ స్పీకర్‌కు 1.5 అయితే దాదాపు 15 మీటర్ల దాకా నడుస్తుంది. అంటే చాలా ఇళ్లలో 1.5 చాలు, హాలు పెద్దదైనా 4 ఓమ్స్ స్పీకర్లైనా 2.5 వేసుకోవాలి. అంతకు మించి అవసరం పడే ఇల్లు అరుదు.

అపోహ: గేజ్ నంబరు చెబితే సరిపోతుంది.

గేజ్ నంబరు పెరిగేకొద్దీ వైరు సన్నబడుతుందని చాలామందికి తెలుసు. తెలియనిది ఏమిటంటే, గేజ్ ఒకటి కాదు. ఆన్‌లైన్‌లో కనిపించే 16 గేజ్ అమెరికా లెక్క, 1.3 స్క్వేర్ ఎంఎం. పాత ఎలక్ట్రికల్ షాపుల్లో 16 గేజ్ అంటే బ్రిటిష్ లెక్క కావచ్చు, అది దాదాపు 2.1 స్క్వేర్ ఎంఎం. ఇవి కాక 14/76, 23/76, 40/76 అనే పాత పేర్లు ఇంకా వాడుకలో ఉన్నాయి. మొదటి అంకె పోగుల సంఖ్య, రెండోది పోగు లావు, అంగుళంలో పదివేల వంతుల్లో. 40/76 అంటే సుమారు 1.17 స్క్వేర్ ఎంఎం, 14/76 అంటే 0.4 మాత్రమే. గొడవ లేకుండా స్క్వేర్ ఎంఎంలోనే అడగండి.

ఇంటి వైరింగ్‌కు వాడే 1.5 లేదా 2.5 మల్టీస్ట్రాండ్ వైరు కూడా నిక్షేపంగా పనిచేస్తుంది. రెండు తీగల్ని మెలివేసి లాగాలి. కరెంటు వైర్లున్న పైపులో మాత్రం దాన్ని దూర్చకండి, కరెంటు వైర్లకు వాడిన రంగులూ వద్దు. నాలుగేళ్ల తర్వాత వచ్చే ఎలక్ట్రీషియన్‌కు అది స్పీకర్ వైరని ఎలా తెలుస్తుంది?

అపోహ: ఎర్రగా మెరుస్తోంది కాబట్టి రాగే.

కంపెనీ పేరుకంటే ఎక్కువగా అనుమానించాల్సింది దీన్ని. మార్కెట్‌లో చవగ్గా దొరికే పారదర్శకమైన స్పీకర్ వైర్లలో చాలావాటిలో ఉండేది సీసీఏ, అంటే పైన పల్చటి రాగి పూత, లోపల అల్యూమినియం. దాని రెసిస్టెన్స్ రాగికి సుమారు ఒకటిన్నర రెట్లు. మన 12 మీటర్ల దారిలో 2.5 సీసీఏ వేస్తే 0.3 ఓమ్, అంటే 1.5 రాగితో సమానం. 1.5 సీసీఏ వేస్తే 0.5, గీత దాటిపోయినట్టే. దీంతో ఇంకో చిక్కుంది: పోగులు రెండు మూడుసార్లు వంచితే స్క్రూ దగ్గర తెగుతాయి, కోసిన చోట అల్యూమినియానికి ఆక్సైడ్ పొర పట్టి కనెక్షన్ సన్నగిల్లుతుంది.

ఒక్క పోగు తీసి బ్లేడుతో గీకండి. లోపల కూడా ఎరుపే ఉంటే రాగి, తెల్లగా బయటపడితే సీసీఏ. పైన తెల్లగా ఉండి గీకితే ఎరుపు వస్తే అది తగరం పూసిన రాగి, భేషుగ్గా వాడుకోవచ్చు. చుట్ట విప్పకుండానే మల్టీమీటర్‌తోనూ తేల్చవచ్చు. 30 మీటర్ల జంట వైరు ఒక చివర రెండు తీగల్నీ కలిపి, రెండో చివర కొలవండి. 1.5 రాగి అయితే 0.8 ఓమ్ దగ్గర చూపిస్తుంది, సీసీఏ అయితే 1.2 దాటుతుంది. ముందుగా మీటర్ ప్రోబ్‌లు రెండూ ఒకదానికొకటి ఆనించి వచ్చే అంకెను తీసేయాలి, లేదంటే రాగిని కూడా సీసీఏ అనుకుంటారు.

అపోహ: రెండు స్పీకర్లకూ వైరు సమాన పొడవు ఉండాలి.

అక్కర్లేదు. 9 మీటర్ల తేడాకు సిగ్నల్ ఆలస్యం సెకనులో కోటి వంతు కూడా కాదు. 2.5 వైరుతో పైన చెప్పిన హాల్లో రెండు స్పీకర్ల సౌండ్ తేడా 0.2 డెసిబెల్. మీ కుర్చీ ఒక పక్కకు జరిగినా అంతకంటే ఎక్కువ తేడా వస్తుంది. మిగిలిన 9 మీటర్లూ టీవీ వెనక చుట్ట చుట్టి పెట్టేవాళ్లు ఆ డబ్బు మిగుల్చుకోవచ్చు.

అపోహ: బనానా ప్లగ్ పెడితే సౌండ్ మెరుగవుతుంది.

వైరు చివర బిగించి టెర్మినల్‌లో నేరుగా గుచ్చే లోహపు పిన్నే బనానా ప్లగ్. సరిగ్గా బిగించిన ఉత్త వైరుకూ మంచి బనానా ప్లగ్‌కూ సౌండ్‌లో తేడా లేదు. బంగారు పూత తుప్పు రాకుండా కాపాడుతుంది, పాటను కాదు. బనానా ఉపయోగం వేరే చోట ఉంది. వెనక చెయ్యి పట్టని ఇరుకులో చటుక్కున తీసి పెట్టవచ్చు, పోగు బయటికి పొడుచుకొచ్చే భయం ఉండదు. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి తగిలే ఊళ్లలో ఉత్త రాగి చివర ఆకుపచ్చగా మారుతుంది. అక్కడ ప్లగ్ వేసుకోవడమో, ఏడాదికోసారి చివర కోసి కొత్తగా బిగించడమో చేయాలి.

ఉత్త వైరు వాడితే 10–12 మిల్లీమీటర్లు ఒలవండి. పోగులు తెగకుండా ఒలవాలి. వేళ్లతో ఒకే దిక్కుకు గట్టిగా మెలివేసి, టెర్మినల్ అడ్డ రంధ్రంలో దూర్చి స్క్రూ బిగించండి. ఇన్సులేషన్ స్క్రూ కిందికి రాకూడదు, ఒలిచిన రాగి బయటికి కనిపించకూడదు. కొన్ని రోజులయ్యాక మరోసారి బిగించండి, మెత్తటి రాగి సర్దుకున్నాక స్క్రూ వదులవుతుంది. చివరకు సోల్డర్ పెట్టి స్క్రూ కింద బిగించడం మంచి పద్ధతిగా చలామణిలో ఉంది కానీ కాదు. ఒత్తిడికి సోల్డర్ మెల్లగా నలిగి పక్కకు జరుగుతుంది, కనెక్షన్ వదులవుతుంది. పోగులు ఒద్దికగా ఉండాలంటే చివర ఫెర్రూల్ అనే చిన్న లోహపు తొడుగు వేసి క్రింప్ చేయండి, అంటే పనిముట్టుతో నొక్కి బిగించండి.

బనానా కొనేముందు ఆంప్లిఫయర్ వెనక చూడండి. నొక్కి పట్టే స్ప్రింగ్ క్లిప్పులుంటే 4 మిల్లీమీటర్ల బనానా పట్టదు, ఉత్త వైరో పిన్ కనెక్టరో పెట్టాలి. స్క్రూ టెర్మినల్ ఉండీ ప్లగ్ దూరకపోతే మధ్యలో చిన్న ప్లాస్టిక్ మూత ఉంటుంది, సన్న స్క్రూడ్రైవర్‌తో లాగితే వస్తుంది. ప్లగ్ బిగించేటప్పుడు ఎక్కువగా జరిగే పొరపాటు, వైరు తక్కువ ఒలవడం. చిన్న స్క్రూ రాగిని కాకుండా ఇన్సులేషన్‌ను పట్టుకుంటుంది. సౌండ్ ఒక రోజు వస్తుంది, ఒక రోజు రాదు. బిగించాక వైరు పట్టి గట్టిగా లాగి చూడండి. ఇంకో మాట: రెండో చివర ఊడదీసి నేల మీద వదిలిన బనానా ప్లగ్ గోడ ప్లగ్ రంధ్రంలో దూరేంత సైజులో ఉంటుంది. పిల్లలున్న ఇంట్లో అలా వదలొద్దు.

అపోహ: చిన్న పోగు పక్క టెర్మినల్‌కు తగిలినా ఏమీ కాదు, ప్రొటెక్షన్ ఉంటుంది.

ప్రొటెక్షన్ ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ఈ రోజుల్లో చిన్న క్లాస్-డి ఆంప్లిఫయర్లు చాలావాటిలో మైనస్ టెర్మినల్ కూడా ఎర్త్ కాదు, దాంట్లోనూ సిగ్నల్ ఉంటుంది. ఆ మైనస్ వెనక రేకుకు తగిలినా, రెండు చానళ్ల మైనస్‌లు ఒకదానికొకటి తగిలినా ఔట్‌పుట్ చిప్ కాలిపోవచ్చు. కాబట్టి వైర్లు పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ సెట్ ఆఫ్ చేసి, గోడ ప్లగ్ కూడా తీయండి.

స్పీకర్ వైపు కనెక్షన్లు అయ్యాక, ఆంప్లిఫయర్ వైపు చివరలు ఖాళీగా ఉండగానే మల్టీమీటర్ పెట్టండి. 8 ఓమ్స్ స్పీకర్‌కు సాధారణంగా 5.5 నుంచి 7 ఓమ్స్ మధ్య చూపిస్తుంది. సున్నాకు దగ్గరగా ఉంటే ఎక్కడో షార్ట్ ఉంది. ఏమీ చూపించకపోతే వైరు తెగింది, లేదా ప్లగ్‌లో స్క్రూ రాగిని పట్టలేదు. తర్వాత ఆ చివరలకు 1.5 వోల్ట్ బ్యాటరీని క్షణం పాటు తాకించండి, ప్లస్ తీగకు బ్యాటరీ ప్లస్. రెండు స్పీకర్ల వూఫర్లూ ఒకే దిక్కుకు కదలాలి. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి కదిలితే ఎక్కడో ప్లస్ మైనస్ తారుమారయ్యాయి. అలాగే వదిలేస్తే బేస్ పల్చబడుతుంది, గాయకుడి గొంతు మధ్యలో నిలవకుండా హాలంతా చెదిరినట్టు వినిపిస్తుంది. ఒక స్పీకర్ దగ్గర రెండు తీగలూ మార్చి బిగిస్తే పోతుంది.